‘నో రీ’ అనే ముందు: ఒక ప్రోనోటు దావాలో సాక్షి విచారణ

ప్రశ్న: “సార్, చిత్తూరు కోర్టులో జూనియర్‌గా చేరి ఎనిమిది నెలలైంది. చీఫ్, క్రాస్, రీ ఎగ్జామినేషన్ అని పుస్తకంలో మూడు వాక్యాల్లో ఉంది. కోర్టులో మాత్రం క్రాస్ అయిపోగానే దాదాపు అందరూ ‘నో రీ’ అని కూర్చుంటున్నారు. అసలు ఈ మూడూ దేనికోసం? రీ ఎప్పుడు అడగాలి, ఎప్పుడు అడగకూడదు?”

సమాధానం:

నిర్వచనాలు మీరు చదివినవే కనుక వాటిని క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. సాక్షిని పిలిచిన పక్షం అతణ్ని విచారించడం ముఖ్య విచారణ, ఎదుటి పక్షం విచారించడం అడ్డు విచారణ, ఆ తరువాత పిలిచిన పక్షమే మళ్లీ విచారించడం పునర్విచారణ. పాత సాక్ష్య చట్టంలో ఇవి 137, 138 సెక్షన్లు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 142, 143 సెక్షన్లుగా దాదాపు అవే మాటలతో ఉన్నాయి. ఆ తేదీ నాటికే విచారణలో ఉన్న దావాలకు పాత చట్టమే వర్తిస్తుంది కాబట్టి మీరు రెండు అంకెలూ గుర్తుంచుకోక తప్పదు. బార్‌లో మనం వాడే చీఫ్, క్రాస్, రీ అనే మాటలనే ఇక్కడా వాడతాను.

ఈ మూడింటినీ విడివిడిగా నిర్వచిస్తే వాటి ప్రయోజనం అర్థం కాదని నా అనుభవం. ఒకే సాక్షి విషయంలో ఒకే చిన్న వాస్తవం చీఫ్‌లో ఎలా జారిపోయిందో, క్రాస్‌లో ఎలా ఆయుధమైందో, రీలో ఎలా సర్దుకుందో చూస్తే మూడింటి పనీ తేటగా కనిపిస్తుంది. అందుకే నేను నడిపిన ఒక ప్రోనోటు దావా చెబుతాను. మనుషులను గుర్తుపట్టే వివరాలు మాత్రం మార్చాను.

పాకాల వైపు ఊరి రైతు ఒకరు వాది. దామలచెరువు మార్కెట్‌లో మామిడి వ్యాపారం చేసే ఆయన ప్రతివాది. సీజన్‌కు ముందు తోటలకు అడ్వాన్సు కట్టడానికి ప్రతివాది 2018 ఏప్రిల్ 4న నూటికి రెండు రూపాయల వడ్డీకి నాలుగు లక్షలు తీసుకుని ప్రోనోటు రాసిచ్చాడన్నది మా వాదన. ప్రతివాది తన సంతకాన్ని కాదనలేదు. వాది దగ్గర చీటీ పాడుకున్నప్పుడు హామీగా ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టి ఇచ్చానని, ఆ రోజు తనకు డబ్బేమీ ముట్టలేదని అతని జవాబు. సంతకం ఒప్పుకున్నాడు కాబట్టి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ కింద ప్రతిఫలం ముట్టిందనే భావన మాకు అనుకూలంగా ఉంది. అయితే అది ఖండించదగిన భావనే. కనుక ఆ రోజు డబ్బు చేతులు మారడం చూశానని చెప్పే మనిషి మాకు ముఖ్యం. ప్రోనోటుకు సాక్షి సంతకం చట్టరీత్యా అవసరం లేకపోయినా మన జిల్లాలో అది లేకుండా ఎవరూ రాయించుకోరు. ఆ సాక్షి సంతకం చేసినది ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు. వాది తరఫున రెండవ సాక్షి ఆయనే.

ముందుగా చీఫ్. సివిల్ దావాల్లో 2002 జూలై 1 నుంచి చీఫ్‌ను అఫిడవిట్ రూపంలోనే ఇస్తున్నాం. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 18 రూల్ 4 చెప్పేది అదే. దీనివల్ల కోర్టు సమయం కలిసి వచ్చిన మాట నిజమే గానీ, చీఫ్ అసలు ప్రయోజనాన్ని మనం చాలావరకు మరిచిపోయాం. సాక్షి తన కళ్లతో చూసినదాన్ని, చెవులతో విన్నదాన్ని తన మాటల్లో రికార్డులోకి తేవడం చీఫ్ పని. ఆ మాటలు మన నోటి నుంచి రాకూడదనే లీడింగ్ ప్రశ్నలకు, అంటే జవాబును తనలోనే దాచుకున్న ప్రశ్నలకు, ఎదుటి పక్షం అభ్యంతరం చెబితే చీఫ్‌లో చోటు లేదు. పరిచయ విషయాలు, వివాదం లేని విషయాలు, అప్పటికే చాలినంతగా రుజువైన విషయాలు ఇందుకు మినహాయింపు. అఫిడవిట్ మొత్తం వకీలు ఆఫీసులో టైపయ్యేది కాబట్టి ఈ నియమం దాని మీద పనిచేయదు. నిజానికి అఫిడవిట్‌ను ఒక పొడవైన లీడింగ్ ప్రశ్న అన్నా తప్పు లేదు. అందుకే అది రాసేవారు తమను తామే అదుపులో పెట్టుకోవాలి.

ఈ కేసులో ఆ అదుపు నాకు లోపించింది. మా ఆఫీసులో వాది అఫిడవిట్‌ను ముందుంచుకుని ఉపాధ్యాయుడి అఫిడవిట్ తయారు చేశారు, నేను దాన్ని సరిగ్గా చదవకుండానే సంతకం చేయించాను. “2018 ఏప్రిల్ 4వ తేదీ మధ్యాహ్నం సుమారు 2 గంటలకు వాది ఇంటి వద్ద ప్రతివాది నా సమక్షంలో రూ. 4,00,000 నగదు పుచ్చుకుని ప్రోనోటుపై సంతకం చేసెను, నేను సాక్షిగా సంతకం చేసితిని” అన్న వాక్యం అందులో ఉంది. వాది అఫిడవిట్‌లోనూ ఇంచుమించు అదే వాక్యం. ఆ ఉపాధ్యాయుడు ఆ మధ్యాహ్నం అక్కడికి ఎందుకు వచ్చారు, ఎక్కడి నుంచి వచ్చారు, గదిలో ఎవరెవరున్నారు, తానెక్కడ కూర్చున్నారు అన్న సంగతులు ఒక్కటీ లేవు. ఏప్రిల్ 4 బుధవారం. ఉపాధ్యాయుడు పనిదినం నాడు మధ్యాహ్నం రెండింటికి వేరే ఊళ్లో ఎలా ఉన్నాడన్న ప్రశ్న ఎవరికైనా తోస్తుంది, రాసిన మాకు మాత్రం తోచలేదు. చీఫ్ అఫిడవిట్ మీద సంతకం చేయించే ముందు సాక్షిని ఎదుట కూర్చోబెట్టి, కాగితం పక్కన పెట్టి, ఆ రోజు పొద్దున లేచినప్పటి నుంచి ఏం చేశారో చెప్పమని అడగడం నాకు ఈ కేసు తర్వాతే అలవాటైంది. అలా చెబుతున్నప్పుడు సాక్షి నోట వచ్చే చిన్న వివరాలే తరువాత అతణ్ని కాపాడతాయి.

అఫిడవిట్ ఇంగ్లీషులో ఉండి సాక్షికి ఆ భాష రాకపోతే ఇబ్బంది ఇంకా ముదురుతుంది. “మీ అఫిడవిట్‌లో ఏముందో మీకు తెలుసా?” అన్న మొదటి క్రాస్ ప్రశ్నకే చాలామంది తడబడతారు. చదివి తెలుగులో వివరించారని కింద ఒక వాక్యం చేర్చినంత మాత్రాన సరిపోదు, నిజంగా చదివి వినిపించాలి.

ఇక క్రాస్. దీని గురించి జూనియర్లలో ఉన్న పెద్ద అపోహ, ఇది సాక్షిని అబద్ధాలకోరని తేల్చడానికేనన్నది. అది ఒక ప్రయోజనం మాత్రమే. సాక్షి మనకు అనుకూలంగా చెప్పగలిగినవి చెప్పించుకోవడం రెండవది. మన వాదనను అతని ముందు పెట్టడం మూడవది. క్రాస్‌లో లీడింగ్ ప్రశ్నలు అడగవచ్చు, చీఫ్‌లో చెప్పిన విషయాలకే కట్టుబడి ఉండాల్సిన అవసరమూ లేదు. దావాకు సంబంధించిన ఏ వాస్తవాన్నైనా, సాక్షి విశ్వసనీయతకు సంబంధించిన ప్రశ్ననైనా అడగవచ్చు.

ప్రతివాది వకీలు మా ఉపాధ్యాయుణ్ని ఎలా విచారించారో నా నోట్‌బుక్‌లో రాసుకున్న క్రమంలో చెబుతాను, ఎందుకంటే క్రాస్ నేర్చుకోదలచిన వారికి అది పాఠం. ఆయన స్వరం పెంచలేదు. “మీరు ఉపాధ్యాయులు కదా?” అన్నారు. “అవును.” “2018 ఏప్రిల్‌లో పనిచేసిన పాఠశాల చంద్రగిరి వైపు ఉంది కదా?” “అవును.” “ఏప్రిల్ 4 పనిదినమే కదా?” “అవును.” “ఆ రోజు మీరు సెలవు పెట్టలేదు?” “పెట్టలేదు.” “హాజరు పట్టీలో సంతకం చేశారు?” “చేశాను.” “హైస్కూలు మామూలుగా సాయంత్రం నాలుగు దాటే వరకు ఉంటుంది కదా?” సాక్షి ఒక్క క్షణం ఆగి “మామూలుగా అయితే అంతే” అన్నారు. వకీలు ఆ అంశాన్ని అక్కడితో వదిలేసి నోట్ల సంగతికి వెళ్లిపోయారు.

గమనించాల్సింది ఆయన అడగని ప్రశ్న. “మరి మధ్యాహ్నం రెండింటికి వాది ఇంట్లో ఎలా ఉన్నారు?” అని అడిగి ఉంటే మా సాక్షి అక్కడికక్కడే కారణం చెప్పేవారు. సాక్షి మాటల్లోని “మామూలుగా అయితే” అన్న రెండు పదాల వెనుక ఏదో ఉందని ఆ వకీలు పసిగట్టారు. కారణం రాకుండా వాస్తవాలు మాత్రమే రికార్డులో మిగిలితే, బడిలో ఉన్న మనిషి పాకాల దగ్గర ఉండలేడని వాదనల దశలో చెప్పుకోవచ్చన్నది ఆయన లెక్క. ఇందులో అన్యాయమేమీ లేదు. ఎక్కడ ఆగాలన్నది క్రాస్ చేసేవారి హక్కు. అలా ఆగినందువల్ల సగం చిత్రమే రికార్డులో మిగిలిపోతుందని చట్టానికి తెలుసు కాబట్టే ఆ వెంటనే రీకి అవకాశం ఇచ్చింది.

నోట్ల విషయంలో మరో సంగతి జరిగింది. “డబ్బు ఏ నోట్లలో ఇచ్చారు?” అని అడిగితే మా సాక్షి “రెండు వేల నోట్లు, రెండు కట్టలు” అన్నారు. అంతకుముందు వాది తన క్రాస్‌లో ఐదు వందల నోట్లని, ఎనిమిది కట్టలని చెప్పి ఉన్నాడు. లెక్క ఇద్దరిదీ నాలుగు లక్షలకే సరిపోతుంది, చూసిన దృశ్యం మాత్రం వేరు. ఇది నిజమైన వైరుధ్యం. ముందటి ప్రశ్నల్లో వచ్చినది వైరుధ్యం కాదు, వివరణ అందని వాస్తవం. ఈ రెండింటి తేడాను అక్కడికక్కడే పసిగట్టగలగాలి, ఎందుకంటే రీ అడగాలా వద్దా అన్నది దాని మీదే ఆధారపడుతుంది.

చివర సజెషన్లు వచ్చాయి. “ఆ రోజు మీరు వాది ఇంటికి వెళ్లలేదు, డబ్బు ఇవ్వడం చూడలేదు, వాది మీకు స్నేహితుడు కావడం వల్ల అబద్ధపు సాక్ష్యం చెబుతున్నారు అంటాను” అని వకీలు అనడం, సాక్షి “సరికాదు” అనడం. ఇదొక తంతు అని మీకు అనిపించవచ్చు. సాక్షి కాదన్న సజెషన్ ఎలాగూ సాక్ష్యం కాదు. దానికి ఉన్న విలువ వేరు. ఎదుటి సాక్షి చెప్పినదాన్ని మనం అంగీకరించడం లేదని, మన వాదన ఇదని అతనికి తెలిపి, జవాబు చెప్పే అవకాశం ఇవ్వడం న్యాయం. ఇంగ్లాండులో 1893 నాటి బ్రౌన్ వర్సెస్ డన్ తీర్పు నుంచి వస్తున్న సూత్రం ఇది. మన దగ్గర కలకత్తా హైకోర్టు కారాపియట్ కేసులో దీన్ని గట్టిగా చెప్పింది. ముఖ్యమైన విషయంలో సాక్షి ముందు తన వాదన పెట్టని పక్షం, ఆ విషయంలో సాక్షి మాటను ఒప్పుకున్నట్టే భావించవచ్చన్నది దాని సారం.

మా కేసులో ప్రతివాది వకీలు ఎంత జాగ్రత్తపరుడైనా ఇక్కడ ఒకటి వదిలేశారు. డబ్బిచ్చిన సమయంలోనే తాను ప్రోనోటు మీద సాక్షి సంతకం చేశానని ఉపాధ్యాయుడు చీఫ్‌లో చెప్పారు. ఆ సంతకం చాలాకాలం తరువాత, దావా వేసే ముందు చేర్చారన్న సజెషన్ ఎక్కడా రాలేదు. ఖాళీ కాగితమన్న ప్రతివాది కథ నిలబడాలంటే సాక్షి సంతకం తరువాత పడిందనే చెప్పాలి. ఆ ప్రశ్న లేకపోవడం వాదనల్లో మాకు బాగా పనికి వచ్చింది.

ఇప్పుడు మీరు అసలు అడిగిన రీ సంగతి. క్రాస్ ముగియగానే నా ముందు మూడు అంశాలున్నాయి: బడి వేళలు, నోట్ల కట్టలు, ప్రోనోటు రాసిన మనిషి. మూడవది నా అఫిడవిట్‌లో లేదు, క్రాస్‌లోనూ రాలేదు. ఎవరు రాశారో రికార్డులోకి తెస్తే బాగుండునని అప్పటికప్పుడు నాకు తోచిన విషయం అది. ఈ మూడింటికి రీలో మూడు వేర్వేరు జవాబులున్నాయి.

బడి వేళల మీద రీ అడిగి తీరాలి. నేను లేచి తొందరలో “ఆ నెలలో ఒంటిపూట బడులే కదా?” అన్నాను. ప్రతివాది వకీలు వెంటనే అభ్యంతరం చెప్పారు, న్యాయమూర్తి సమర్థించారు. రీలోనూ చీఫ్‌లో లాగానే లీడింగ్ ప్రశ్న పనికిరాదు. నేను ప్రశ్న మార్చి “2018 ఏప్రిల్‌లో మీ పాఠశాల పనివేళలు ఏమిటి?” అన్నాను. “ఎండాకాలం కాబట్టి ఒంటిపూట బడులు. పన్నెండున్నరకు వదిలేశారు. అక్కడి నుంచి బస్సులో వచ్చాను” అని సాక్షి చెప్పారు. జవాబు నిజమే, మన రాష్ట్రంలో మార్చి నడిమి నుంచి బడులు ఒంటిపూటే నడుస్తాయని అందరికీ తెలిసినదే. అయినా మొదటి ప్రశ్నలో నేనే జవాబు అందించేసినందువల్ల దాని బలం కొంత తగ్గింది. న్యాయమూర్తి చెవిన పడిన లీడింగ్ ప్రశ్నను ఆ తరువాత ఎంత చక్కగా మార్చినా పూర్తిగా వెనక్కి తీసుకోలేం. అందుకే రీ ప్రశ్నను నోట్‌బుక్‌లో రాసుకుని, అందులో జవాబు దాగి ఉందేమో ఒకసారి చూసుకుని అడగడం మేలు.

అభ్యంతరం అక్కడితో ఆగలేదు. ఒంటిపూట బడి సంగతి చీఫ్‌లో లేదు కాబట్టి ఇది కొత్త విషయమని, కోర్టు అనుమతి లేకుండా రీలో తేకూడదని వకీలు వాదించారు. ఇక్కడే చాలామంది జూనియర్లు వెనక్కి తగ్గి కూర్చుంటారు. సెక్షన్ చెప్పేదేమిటంటే, రీ అనేది క్రాస్‌లో ప్రస్తావనకు వచ్చిన విషయాలను వివరించడానికి ఉండాలి. బడి వేళల విషయాన్ని క్రాస్‌లోకి తెచ్చింది ఎదుటి పక్షమే. దాన్ని వివరించే జవాబులో కొత్త వాస్తవం ఒకటి ఉండవచ్చు, ఉండే తీరుతుంది, లేకపోతే అది వివరణే కాదు. విషయం పాతదైతే చాలు.

రీ అంటే క్రాస్‌లో వచ్చిన అస్పష్టతను తొలగించడానికి మాత్రమేనన్న అభిప్రాయం కూడా బార్‌లో బలంగా ఉంది. అది పొరపాటని సుప్రీంకోర్టు 1999లో రమ్మి వర్సెస్ మధ్యప్రదేశ్ రాష్ట్రం కేసులో స్పష్టంగా చెప్పింది. అస్పష్టతను తొలగించడం రీ పనుల్లో ఒకటే. జవాబు స్పష్టంగా ఉన్నా సరే, క్రాస్‌లో ప్రస్తావనకు వచ్చిన ఏ విషయానికైనా వివరణ అవసరమని సాక్షిని పిలిచిన పక్షం అనుకుంటే అందుకు తగిన ప్రశ్న అడగవచ్చు. మా సాక్షి “హాజరు పట్టీలో సంతకం చేశాను” అన్న మాటలో అస్పష్టత ఏమీ లేదు. వివరణ మాత్రం అవసరం. నేను ఆ తీర్పును చూపించాను, ప్రశ్నను అనుమతించారు.

రమ్మి కేసు క్రిమినల్ కేసు. మీరు సెషన్స్ కోర్టులోనూ పనిచేస్తారు కాబట్టి దానికి సంబంధించిన ఒక మాట చెబుతాను. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంలో కొంత భాగాన్ని చూపి డిఫెన్స్ వకీలు సాక్షిని ఖండించినప్పుడు, అదే వాంగ్మూలంలోని మరే భాగాన్నైనా రీలో వాడుకోవచ్చు, అయితే క్రాస్‌లో ప్రస్తావనకు వచ్చిన విషయాన్ని వివరించడానికి మాత్రమే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 162లో, ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 181లో ఉన్న వెసులుబాటు ఇది. దీన్ని అడిగే ప్రాసిక్యూటర్లను నేను చాలా తక్కువగా చూశాను. ఒక వాక్యం చూపి సాక్షిని తప్పుపట్టినప్పుడు, ఆ వాక్యానికి ముందు వెనుక ఏముందో మీరు వెంటనే చదివి చూడండి.

రెండవది నోట్ల కట్టలు. దీని మీద నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, ఇప్పుడు అడగాల్సి వచ్చినా అడగను. సాక్షి ఏ జవాబు చెబుతాడో నాకు తెలియదు. “వాది చెప్పిందే నిజం, నాకు సరిగా గుర్తులేదు” అంటే తన జ్ఞాపకం నమ్మదగినది కాదని తానే ఒప్పుకున్నట్టు. “లేదు, రెండు వేల నోట్లే” అంటే వైరుధ్యాన్ని మనమే గట్టిపరచినట్టు. ఏ జవాబు వచ్చినా మేలు లేని చోట వివరణ వెతకకూడదు. ఏళ్లు గడిచాక నోట్ల విలువ గురించి ఇద్దరి జ్ఞాపకాలు వేరుగా ఉండటం సహజమని, డబ్బు ముట్టిందన్న మూల విషయంలో ఇద్దరూ ఒక్కటేనని వాదనల్లో చెప్పుకోవచ్చు, అలాగే చెప్పాను. ‘నో రీ’ అనడం సరైన చోటు ఇదే. అలవాటుగా అనడానికి, ఆలోచించి అనడానికి తేడా ఉంది.

మూడవది, ప్రోనోటు రాసిన మనిషి. ఇది నిజంగా కొత్త విషయం. కొత్త విషయాన్ని రీలో తేవడాన్ని చట్టం పూర్తిగా నిషేధించలేదు, కోర్టు అనుమతితో తేవచ్చు. అయితే దానికి ఒక వెల ఉంది. ఆ విషయం మీద ఎదుటి పక్షానికి మళ్లీ క్రాస్ చేసే హక్కు వస్తుంది. నేను అనుమతి అడిగాను, న్యాయమూర్తి ఇచ్చారు, వాది బంధువు ఒకరు రాశారని సాక్షి చెప్పారు. వెంటనే ప్రతివాది వకీలు లేచి, ఆ బంధువు వాదికి బావమరిదని, బతికే ఉన్నాడని, అదే ఊళ్లో ఉన్నాడని మూడు ప్రశ్నల్లో చెప్పించారు. రాసిన మనిషి అందుబాటులో ఉండగా అతణ్ని ఎందుకు పిలవలేదన్న వాదన దాంతో పుట్టింది. చేతిలో ఉన్న సాక్ష్యాన్ని చూపని పక్షానికి అది ప్రతికూలంగానే ఉండేదని కోర్టు భావించవచ్చు కదా. ఆ ప్రశ్న నేను అడగకపోతే ఆ వాదనకు ఆధారమే ఉండేది కాదు. చీఫ్‌లో పెట్టాల్సినదాన్ని రీలో పూరించబోతే ఏమవుతుందో నాకు ఆ రోజు బాగా అర్థమైంది. తరువాత ఆ బావమరిదిని మూడవ సాక్షిగా పిలిచి ఆ లోటు పూడ్చుకోవాల్సి వచ్చింది.

రీలో అడగడం మరిచిపోతే తరువాత సాక్షిని మళ్లీ పిలిపించుకోవచ్చులే అని కొందరు ధీమాగా ఉంటారు. ఆర్డర్ 18 రూల్ 17 ఉన్నది నిజమే. కానీ అది ముఖ్యంగా కోర్టుకు తన సందేహాలు తీర్చుకోవడానికి ఇచ్చిన అధికారమని, సాక్ష్యంలోని ఖాళీలు పూడ్చుకోవడానికి కాదని సుప్రీంకోర్టు 2009లో వాదిరాజ్ నాగప్ప వెర్ణేకర్ కేసులో చెప్పింది. కాబట్టి క్రాస్ ముగిసిన ఆ రెండు నిమిషాలే మీకు నమ్మకమైన సమయం.

ఆ రెండు నిమిషాల కోసం జూనియర్‌గా మీరు చేయగలిగిన పని ఒకటుంది. సీనియర్ వింటూ ఉంటారు, మీరు రాస్తూ ఉండండి. వాంగ్మూలం సాధారణంగా కథనంలా రికార్డవుతుంది, ప్రశ్న కనిపించదు. “ఏప్రిల్ 4 పనిదినము, నేను హాజరు పట్టీలో సంతకం చేసితిని, పాఠశాల మామూలుగా సాయంత్రం 4 గంటల తరువాత ముగియును” అని మా సాక్షి పేరిట టైపయింది. మీరు మాత్రం ప్రశ్నను, జవాబును సాక్షి వాడిన మాటలతోనే రాసుకోండి. “మామూలుగా అయితే” లాంటి మాట వస్తే పక్కన గుర్తు పెట్టండి. సాక్షి ఏదో చెప్పబోయి ఆగిన చోటా, వకీలు “అడిగినదానికే జవాబు చెప్పండి” అని ఆపేసిన చోటా గుర్తు పెట్టండి. వివరణ అవసరమైన విషయాలు సాధారణంగా ఆ గుర్తుల దగ్గరే ఉంటాయి. ముఖ్యమైన ప్రశ్న, జవాబు యథాతథంగా రికార్డు కావాలనుకుంటే అలా రాయమని అప్పుడే కోర్టును కోరవచ్చు, ఆర్డర్ 18 రూల్ 10 అందుకు వీలు కల్పిస్తుంది.

సాక్ష్యం కమిషనర్ ముందు నమోదవుతుంటే జాగ్రత్త మరింత అవసరం. అక్కడ మీ అభ్యంతరాన్ని ఆయన రాసుకుంటారే తప్ప తేల్చరు, అది వాదనల దశలో కోర్టే తేలుస్తుంది. కనుక ఎదుటివారు రీలో కొత్త విషయం తెస్తున్నారనిపిస్తే అభ్యంతరం నమోదు చేయించి ఊరుకోకండి. అది అనుమతించబడే అవకాశం ఉందనుకుని, ఆ విషయం మీద మీ క్రాస్ ప్రశ్నలు కూడా అప్పుడే అడిగేయండి. సాక్షి వెళ్లిపోయాక ఆ హక్కు గుర్తుకొచ్చి లాభం లేదు.

ఇక మీ సీనియర్ ‘నో రీ’ అన్నప్పుడు, అది ఆలోచించి అన్నదేనా అని అక్కడే అడగకండి. ఆ సాయంత్రం ఆఫీసులో వాంగ్మూలం ముందుంచుకుని, ఏ జవాబుకు వివరణ అడిగి ఉండవచ్చు, అడిగితే సాక్షి ఏం చెప్పేవారు అని ఆయనతో కూర్చుని చూడండి. మా దావాలో న్యాయమూర్తి డిక్రీ ఇచ్చినప్పుడు తీర్పులో ఉపాధ్యాయుడి హాజరును నమ్మడానికి రాసిన కారణాల్లో ఒంటిపూట బడి జవాబు మొదటిది, సాక్షి సంతకం తరువాత పడిందన్న సజెషన్ లేకపోవడం రెండవది. నోట్ల కట్టల తేడాను ఒక వాక్యంలో పక్కన పెట్టారు.